మరి రెండోదానికి?

పోస్టాఫీసు పొదుపు పథకాల మీద ప్రశ్నలకు జవాబిచ్చే ఒక చాట్ యాప్ ఉందనుకుందాం. ఇద్దరు ఆడపిల్లల తండ్రి ఒకాయన దాన్ని తెరిచి, "ఆడపిల్ల పేరు మీద డబ్బు దాచడానికి పోస్టాఫీసులో ఏమేం ఉన్నాయి?" అని అడిగాడు. యాప్ మూడు పేర్లు వరసగా చెప్పింది. మొదటిది సుకన్య సమృద్ధి ఖాతా, రెండోది పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్, అంటే పీపీఎఫ్, మూడోది నెలనెలా కట్టుకునే రికరింగ్ డిపాజిట్. "మొదటిదానికి వయసెంత ఉండాలి?" అన్నాడాయన. పాపకు పదేళ్ళు నిండకముందే తెరవాలని జవాబొచ్చింది. ఆ తర్వాత ఆయన టైపు చేసింది రెండే మాటలు: "మరి రెండోదానికి?"

కౌంటరు వెనకున్న గుమాస్తాకైతే ఆ రెండు మాటలు చాలు. పీపీఎఫ్‌కి వయసు నిబంధన ఏమిటని అడుగుతున్నాడని ఇట్టే తెలిసిపోతుంది. యాప్ సంగతి అలా కాదు. అందులో మనతో మాట్లాడే భాగం వేరు, కాగితాలు వెతికి తెచ్చే భాగం వేరు. ఈ వెతికే భాగం రికార్డు రూములో కూర్చున్న అటెండరు లాంటిది. కిటికీలోంచి చీటీ లోపలికి వస్తుంది, చీటీలో ఉన్న మాటలకు సరిపోయే ఫైలు బయటికి వెళ్తుంది. బయట హాల్లో అప్పటిదాకా ఏం మాట్లాడుకున్నారో లోపలి మనిషి వినలేదు. చీటీ మీద "మరి రెండోదానికి?" అని మాత్రమే ఉంటే ఆయన ఏ ఫైలు తీయాలి?

అందుకే చీటీ లోపలికి పోకముందు దాన్ని ఎవరో ఒకరు తిరగరాయాలి. "పీపీఎఫ్ ఖాతా తెరవడానికి వయసు ఎంత ఉండాలి?" అని పూర్తి ప్రశ్నగా మార్చాలి. సంభాషణలో సమాచారం వెతికే ప్రతి మంచి వ్యవస్థలోనూ ఈ తిరగరాత మెట్టు ఏదో ఒక రూపంలో ఉంటుంది. తెర మీద అది కనిపించదు. అది తప్పితే మాత్రం దాని తర్వాత జరిగేదంతా తప్పుతుంది. పైగా జవాబు రాసే భాగానికి భాష బాగా వచ్చు కాబట్టి, తప్పు కాగితం చేతికందినా చక్కటి తెలుగులోనే తప్పు చెబుతుంది. "పీపీఎఫ్‌కి కూడా పదేళ్ళ లోపే తెరవాలి" అని అది చెబితే ఆ తండ్రికి అనుమానం రావడానికి కారణం లేదు. నిజానికి పీపీఎఫ్‌కి అలాంటి వయసు పరిమితి లేదు, మైనరు పేరు మీద సంరక్షకులు ఎప్పుడైనా తెరవచ్చు.

తిరగరాయకుండా పంపితే

కాగితాలు వెతికే పద్ధతులు ప్రధానంగా రెండు. పాత పద్ధతి మాటలను మాటలతో పోల్చేది. అందులో ఒక మాట ఎంత అరుదైతే దానికి అంత విలువ. "సుకన్య" అన్న మాట కొద్ది పేజీల్లోనే కనిపిస్తుంది కాబట్టి అది దొరికిన పేజీ పైకొస్తుంది. "మరి" ఎక్కడ పడితే అక్కడ ఉంటుంది, దాని విలువ దాదాపు సున్నా. "రెండో" అన్నది రెండో సంవత్సరం, రెండో వాయిదా, రెండో నామినీ అంటూ పదిచోట్ల దొరుకుతుంది. మన చీటీలో ఉన్నవి ఈ రెండే. కాబట్టి వెతుకులాట ఏదో ఒక "రెండో వాయిదా" పేజీని పట్టుకొచ్చి మన ముందు పెడుతుంది.

కొత్త పద్ధతి వాక్యం మొత్తాన్ని కొన్ని వందల అంకెల వరసగా మార్చి, దానికి దగ్గరి అంకెలున్న పేరాలను తెస్తుంది. మాటలు కలవకపోయినా భావం కలిస్తే చాలు, అదే దాని బలం. "మరి రెండోదానికి?"లో భావం సగమే ఉంది. మిగతా సగం ముందు వాక్యాల్లో ఉంది. అంకెలుగా మారేది చేతికిచ్చిన వాక్యమే కాబట్టి ఇక్కడా ఫలితం అంతంతమాత్రమే.

ఇది తెలిసిన ఇంజనీరుకు మొదట తట్టే ఉపాయం ఒకటుంది. ముందు మాట్లాడుకున్నదంతా ప్రశ్న వెనక తగిలించి కలిపి పంపేయడం. రాసేది రెండు వరసల కోడు, పైకి బాగానే పనిచేసినట్టు ఉంటుంది. మన ఉదాహరణలో ఏమవుతుందో చూడండి. కలిపిన చీటీలో "సుకన్య", "పదేళ్ళు", "వయసు" ఉంటాయి, పీపీఎఫ్ ఒకే ఒక్కసారి ఉంటుంది, రికరింగ్ డిపాజిట్ కూడా ఉంటుంది. అన్నిటికన్నా బలంగా మోగే మాటలు సుకన్యవి. పైకొచ్చే పేజీ సుకన్యదే. ఆయన అడిగింది సుకన్య గురించి కాదన్న సంగతి ఆ మాటల గుట్టలో ఎక్కడా లేదు. గుట్ట పెరిగేకొద్దీ, అంటే సంభాషణ పదో ప్రశ్నకు చేరేసరికి, ఈ ఉపాయం పూర్తిగా చతికిలబడుతుంది.

తిరగరాతలో అసలు పని మాటలు చేర్చడం ఒక్కటే కాదు. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్న నిర్ణయం అంతకన్నా పెద్దది. "మరి రెండోదానికి?"లో "మరి" అన్న మాట ముందు ప్రశ్న చట్రాన్ని యథాతథంగా ఉంచమని చెబుతోంది. ఆ చట్రం "ఫలానాదానికి వయసెంత ఉండాలి?" అన్నది. "రెండోదానికి" అన్న మాట ఆ చట్రంలో ఒక్క గడిని మార్చమంటోంది. సుకన్య పోవాలి, పీపీఎఫ్ రావాలి. "వయసెంత" నిలవాలి. సుకన్యకు సంబంధించిన "పదేళ్ళు" కూడా పోవాలి, ఎందుకంటే అది పాత ప్రశ్నకు జవాబు, కొత్త ప్రశ్నలో భాగం కాదు. ఇన్ని నిర్ణయాలు రెండు మాటల్లో ఉన్నాయి.

గడి మార్చే ఆలోచన కొత్తదేమీ కాదు. 1970ల చివర్లో కాలిఫోర్నియాలోని ఎస్ఆర్ఐ సంస్థ పరిశోధకులు అమెరికా నౌకాదళపు ఓడల వివరాలను మామూలు ఇంగ్లిషులో అడిగితే జవాబిచ్చే లాడర్ అనే వ్యవస్థను తయారు చేశారు. ఒక ఓడ పొడవెంత అని అడిగాక, ఇంకో ఓడ పేరు మాత్రం టైపు చేస్తే చాలు, ముందు ప్రశ్నలో అదే రకం ముక్క ఎక్కడుందో చూసి అక్కడ కొత్త పేరు పెట్టి ప్రశ్నను నింపుకునేది. ఓడల పేర్లు, కొలతలు, రేవులు తప్ప వేరే విషయం లేని చోట అది చక్కగా సాగింది. విషయం విశాలమయ్యేసరికి చేత్తో రాసిన నియమాలు సరిపోలేదు.

తర్వాత పెద్ద అడుగు 2019లో పడింది. మేరీల్యాండ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కానార్డ్ అనే ప్రశ్నల సంపుటిని విడుదల చేశారు. వికీపీడియాలోని ఒక అంశం గురించి ఒకరు వరసగా అడుగుతూ, ఇంకొకరు జవాబిస్తూ సాగిన సంభాషణలు అంతకుముందే ఉన్నాయి. వాటిలోని ప్రశ్నలను మనుషులచేత, ముందు వెనకలు చదవకుండానే అర్థమయ్యేలా తిరగరాయించారు. అలా నలభై వేలకు పైగా ప్రశ్నలు జతలుగా తయారయ్యాయి, ఒకవైపు అడిగినది, మరోవైపు పూర్తి ప్రశ్న. భాషా నమూనాలకు ఈ జతలు చూపించి తిరగరాత నేర్పించడం అక్కడినుంచి ఊపందుకుంది. ఇప్పుడు చాలాచోట్ల ప్రత్యేకంగా నేర్పించకుండా, పెద్ద నమూనాకే సంభాషణ చూపించి "చివరి ప్రశ్నను పూర్తి ప్రశ్నగా రాయి, జవాబు మాత్రం చెప్పకు" అని ఆదేశించి పని కానిస్తున్నారు. ఆ ఆదేశంలోని చివరి ముక్క అలంకారానికి పెట్టింది కాదు. అది లేకపోతే నమూనా ప్రశ్నను తిరగరాయడం మానేసి, తనకు గుర్తున్న జవాబు రాసి కూర్చుంటుంది.

రెండోది ఎక్కడుంది?

"రెండోది" అన్న మాటకు ఒక చిత్రమైన గుణం ఉంది. అది సూచించే వస్తువు అడిగినవాడి మాటల్లో ఎప్పుడూ ఉండకపోవచ్చు. మన తండ్రి టైపు చేసిన మూడు వాక్యాలనూ ఎన్నిసార్లు చదివినా పీపీఎఫ్ అన్న పేరు కనిపించదు. అది యాప్ ఇచ్చిన జవాబులో ఉంది. కాబట్టి తిరగరాసే భాగానికి వాడుకరి ప్రశ్నలు మాత్రమే చూపిస్తే అది ఊహించాల్సిందే, ఊహించక తప్పని చోట అది నిస్సంకోచంగా ఊహిస్తుంది కూడా.

పరిశోధకులు సైతం ఈ కష్టాన్ని విడతలుగా ఎదుర్కొన్నారు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 1992 నుంచి ట్రెక్ పేరుతో వెతుకులాట వ్యవస్థలకు ఏటా ఉమ్మడి పరీక్ష పెడుతోంది. అందులో సంభాషణ మీద కాస్ట్ అనే విభాగం 2019లో మొదలైంది. తొలి ఏడాది ప్రశ్నలు అంతకుముందు వాడుకరి అడిగిన ప్రశ్నల మీదే ఆధారపడేవి. అంటే "అది", "వాటిలో" లాంటి మాటల అర్థం పాత ప్రశ్నల్లోనే దొరికేది. మరుసటి ఏడాది నుంచే వ్యవస్థ ఇచ్చిన జవాబుల మీద ఆధారపడే ప్రశ్నలు పెట్టారు. "రెండోది" ఈ రెండో రకానికి చెందుతుంది.

జవాబు చూపించడంతో కూడా పని అయిపోదు. యాప్ తన దగ్గర దాచుకున్న జవాబూ, తెర మీద మనిషి చూసిన జవాబూ ఒకటేనా? పథకాలను వడ్డీ రేటును బట్టి మళ్ళీ వరస మార్చి కార్డుల్లా చూపించే తెర ఉందనుకోండి. లోపల దాచిన పాఠంలో పీపీఎఫ్ రెండోది, తెర మీద మూడోది. తిరగరాసే భాగం తన వరకు తప్పు చేయలేదు, అయినా ఫలితం తప్పు. ఇంకోచోట ఖర్చు తగ్గించడానికి పాత జవాబులను కుదించి, మొదటి కొన్ని వాక్యాలే దాస్తారు. అప్పుడు జాబితాలో మొదటి పేరు మాత్రమే మిగిలి, "రెండోది" గాల్లో వేలాడుతుంది. మరికొన్నిట్లో వెతుకులాట తెచ్చిన పేజీల వరస ఒకటి, వాటిని చదివి రాసిన జవాబులోని వరస ఇంకొకటి. రెండూ తిరగరాసే భాగం చేతికిస్తే అది ఏ వరసలో లెక్కపెట్టాలి? మనిషి ఏది చూశాడో, అదే వరసలో, అవే అంకెలతో దాచడం ఒక్కటే దీనికి మందు. భాషా నమూనా ఎంత తెలివైనదైనా చూపించనిదాన్ని చదవలేదు. "రెండోది" తప్పుతోందని ఫిర్యాదు వచ్చినప్పుడల్లా నమూనాను మార్చాలని పరిగెత్తేవాళ్ళు ముందు ఈ దాచే చోటును తెరిచి చూస్తే సగం సమయం మిగులుతుంది.

సంభాషణలో రెండు జాబితాలు వచ్చినప్పుడు సాధారణంగా చివరిదే లెక్క. అయితే మధ్యలో ఒక జవాబులో "దీనికి రెండు పత్రాలు కావాలి" అని చిన్న జాబితా దొర్లిందనుకోండి. ఆ వెంటనే "రెండోదానికి గడువెంత?" అంటే పత్రాల్లో రెండోదా, పథకాల్లో రెండోదా? ఇక్కడ దగ్గర్లో ఉన్నదాన్ని పట్టుకోవడం కన్నా, గడువు అనేది దేనికి ఉంటుందో చూడటం మేలు. పథకానికి గడువు ఉంటుంది, జనన ధ్రువపత్రానికి ఉండదు. మంచి తిరగరాతలో ఇలా ప్రశ్న స్వభావమే వస్తువును ఎంచుకుంటుంది.

మాటే లేని చోట

మన తండ్రి ఆ తర్వాత అడిగింది ఇది: "మధ్యలో తీసుకోవచ్చా?"

ఇందులో "అది" లేదు, "దాన్ని" లేదు, "రెండోది" కూడా లేదు. ఇంగ్లిషులో అయితే ఏదో ఒక సర్వనామం వాక్యంలో నిలబడి, ఇక్కడొక ఖాళీ ఉంది పూరించండి అని సైగ చేస్తుంది. తెలుగులో కర్త, కర్మ రెండూ ఎగిరిపోయినా వాక్యం నిండుగానే ఉంటుంది. కాబట్టి "సర్వనామం కనిపిస్తే తిరగరాయి" అన్న నియమం పెట్టుకున్న వ్యవస్థ ఈ ప్రశ్నను పూర్తి ప్రశ్నగానే భావించి అలాగే లోపలికి తోసేస్తుంది. మన భాషలో తిరగరాత ఏం చూడాలంటే, క్రియకు కావలసిన వాళ్ళంతా వాక్యంలో ఉన్నారా లేదా అన్నది. తీసుకోవడం అంటే ఎవరో, దేన్నో, దేనిలోంచో తీసుకోవాలి. "మధ్యలో" అంటే ఏదో ఒక గడువు మధ్యలో. ఈ నాలుగూ సంభాషణలోంచి రావాలి. చివరగా మాట్లాడుకున్నది పీపీఎఫ్ గురించి కాబట్టి పూర్తి ప్రశ్న ఇలా అవుతుంది: "పీపీఎఫ్ ఖాతాలోంచి గడువు తీరకముందే డబ్బు తీసుకోవచ్చా?"

ఇక్కడొక చిక్కుముడి ఉంది. నిబంధనల కాగితంలో "మధ్యలో తీసుకోవడం" అన్న మాట ఉండదు, "పాక్షిక ఉపసంహరణ" ఉంటుంది. కాగితం ఇంగ్లిషులో ఉంటే తెలుగు మాటే ఉండదు. ఇప్పుడు తిరగరాసేవాడు ఆగాల్సింది ఎక్కడ? నా ఉద్దేశంలో ఈ రెండు పనులూ వేరువేరుగా చేయాలి. ముందు మనిషి అడిగింది పూర్తిగా, అతని మాటల్లోనే రాయాలి. ఆ తర్వాత వెతకడం కోసం కాగితాల భాషలో ఇంకో రూపం తయారు చేసుకోవచ్చు. రెండూ ఒకే వాక్యంలో కలిపేస్తే ఎక్కడ తప్పిందో తర్వాత కనిపెట్టలేం. పైగా జవాబు రాసేటప్పుడు మనిషి అసలు ప్రశ్న చేతిలో లేకుండా పోతుంది. సరైన కాగితం దొరికితే జవాబు తేలికే. పీపీఎఫ్ గడువు 15 ఏళ్ళు, ఖాతా తెరిచిన ఆర్థిక సంవత్సరం ముగిశాక అయిదేళ్ళు గడిస్తే నిల్వలో కొంత భాగం తీసుకోవచ్చు. తప్పు కాగితం, అంటే సుకన్యది, దొరికితే అమ్మాయికి 18 ఏళ్ళు రావాలనో, పదో తరగతి పాసవ్వాలనో చెబుతుంది. రెండు జవాబులూ వినడానికి నిజంలాగే ఉన్నాయి, రెండూ తమ తమ చోట నిజాలే.

అసలు పరీక్ష తర్వాతి ప్రశ్నతో వచ్చింది. "మా రెండోదానికి తొమ్మిదేళ్ళు. దానికి తెరవచ్చా?"

తెలుగిళ్ళలో "మా పెద్దది ఇంటర్, రెండోది నాలుగో తరగతి" అనడం మామూలే. కాబట్టి ఈ "రెండోది" పథకం కాదు, కూతురు. ఇంతకుముందు రెండు ప్రశ్నల కిందట అదే మాట పీపీఎఫ్‌ని సూచించింది. సంభాషణలో ఒకసారి అర్థం తేలిన మాటకు అదే అర్థాన్ని మోసుకుపోయే వ్యవస్థ ఇక్కడ "మా పీపీఎఫ్‌కి తొమ్మిదేళ్ళు" అని రాసేస్తుంది. ఆ వాక్యం కూడా చదవడానికి అర్థవంతంగానే ఉంటుంది, తొమ్మిదేళ్ళ కిందట తెరిచిన ఖాతా అనుకోవచ్చు! దారి చూపేది "మా" అన్న చిన్న మాట. రెండో వాక్యంలోని "దానికి తెరవచ్చా" కూడా సాయం చేస్తుంది, తొమ్మిదేళ్ళ కిందటి ఖాతాను మళ్ళీ తెరవరు కదా.

సరే, కూతురని తేలింది. మరి తెరవాల్సిన ఖాతా ఏది? చివరగా మాట్లాడుకున్నది పీపీఎఫ్. దగ్గరి వస్తువునే పట్టుకునే అలవాటు ఉంటే "రెండో కూతురికి పీపీఎఫ్ తెరవచ్చా" అవుతుంది. ఆయన వయసు ఎందుకు చెప్పాడో ఆలోచిస్తే దారి మారుతుంది. పదేళ్ళ పరిమితి సుకన్యకే ఉంది, తొమ్మిదేళ్ళు అని చెప్పడంలో ఆయన మనసులో ఉన్నది ఆ హద్దు. సుకన్య అనుకోవడమే ఎక్కువ సబబు. ఎక్కువ సబబు అంటున్నాను, ఖాయం అనడం లేదు.

ఇలాంటి చోటే తిరగరాత అతిగా సాయపడాలని చూస్తుంది. "పెద్ద కూతురికి ఇప్పటికే సుకన్య ఖాతా ఉంది, తొమ్మిదేళ్ళ రెండో కూతురికి కూడా తెరవచ్చా?" అని రాస్తుంది. వాక్యం ముచ్చటగా ఉంది. కానీ పెద్దమ్మాయికి ఖాతా ఉందని ఆ తండ్రి ఎక్కడా చెప్పలేదు. సుకన్యలో ఒక కుటుంబంలో ఇద్దరు ఆడపిల్లల దాకా తెరవచ్చు, కవలల విషయంలో మినహాయింపు ఉంది. ఇప్పటికే ఒక ఖాతా ఉందా లేదా అన్నది ఈ లెక్కలో పనికొచ్చే విషయం. మనిషి చెప్పని సంగతిని ప్రశ్నలో పెట్టి, దాని మీద జవాబు కట్టడం కన్నా ప్రశ్నను కాస్త అసంపూర్తిగా ఉంచడమే నయం. సరైన రూపం ఇంతే: "తొమ్మిదేళ్ళ రెండో కూతురి పేరు మీద సుకన్య సమృద్ధి ఖాతా తెరవచ్చా?"

ముట్టుకోకుండా వదిలేయాల్సిన ప్రశ్నలూ ఉంటాయి. ఆయన చివర్లో "ఈ శనివారం పోస్టాఫీసు ఉంటుందా?" అన్నాడు. విషయం మారిపోయింది. తిరగరాయడమే పనిగా పెట్టుకున్న భాగం "సుకన్య ఖాతా తెరవడానికి ఈ శనివారం పోస్టాఫీసు ఉంటుందా?" అని పాత సామాను ఎక్కిస్తుంది. దాంతో సెలవుల పట్టిక రావాల్సిన చోట మళ్ళీ సుకన్య నిబంధనలు వస్తాయి. ఇందులో పూరించాల్సింది ఒక్కటే, "ఈ శనివారం" అంటే ఏ తేదీ అన్నది. అది సంభాషణలో దొరకదు, క్యాలెండరులో దొరుకుతుంది. తిరగరాసే భాగానికి ఇవాళ్టి తేదీ చెప్పకపోతే అది ఈ ఖాళీని నింపలేదు, లేదా ఏదో ఒక తేదీతో నింపేస్తుంది.

తప్పిందని తెలిసేదెలా

ఇలాంటి వ్యవస్థ నడిపేవాళ్ళు ముందుగా చేయాల్సింది, ప్రతి అనుబంధ ప్రశ్న పక్కన దాని తిరగరాసిన రూపాన్ని కూడా నమోదు చేయడం. చాలాచోట్ల ప్రశ్న, జవాబు మాత్రమే దాస్తారు. మధ్యలోది ఎవరికీ కనబడదు. జవాబు తప్పినప్పుడు వెతుకులాట తప్పిందా, తిరగరాత తప్పిందా, జవాబు రాసే భాగం తప్పిందా అని విడదీసి చెప్పే ఆధారం ఆ ఒక్క వరసే.

ఆ వరసను పరీక్షించడానికి పెద్ద పనిముట్లు అక్కర్లేదు. సంభాషణ చూడని ఒక మనిషికి తిరగరాసిన ప్రశ్న ఒక్కటే ఇవ్వండి. దేని గురించి అడుగుతున్నారో అతను చెప్పగలిగితే ప్రశ్న పూర్తిగా ఉన్నట్టు. తర్వాత సంభాషణ మొత్తం చూసిన మరో మనిషికి అదే ప్రశ్న ఇచ్చి, అడిగినవాడు చెప్పనిది ఇందులో ఏమైనా చేరిందా అని అడగండి. మొదటి పరీక్షలో నెగ్గి రెండోదాంట్లో ఓడేవే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే అవి చూడ్డానికి అందంగా ఉంటాయి. కొలవాలంటే ఒకే ప్రశ్నను మూడు రకాలుగా పంపి చూడాలి: అడిగినది అడిగినట్టు, మనిషి తిరగరాసినది, యంత్రం తిరగరాసినది. సరైన పేరా ఫలితాల్లో ఎన్నో స్థానంలో వచ్చిందో పోల్చాలి. మనిషి రాసినదానితో పదిలోపు వచ్చి, యంత్రం రాసినదానితో రాకపోతే తప్పు ఎక్కడుందో తెలిసిపోయినట్టే. మనిషి రాసినదానితోనూ రాకపోతే తిరగరాతను తిట్టి లాభం లేదు, ఆ కాగితమే భాండాగారంలో ఉందో లేదో చూసుకోవాలి. అయితే మనిషి తిరగరాతే అంతిమ కొలబద్ద అనుకోకూడదు. చదవడానికి మనకు నిండుగా అనిపించే ప్రశ్నే వెతుకులాటకు అన్నిసార్లూ ఉత్తమం కాదని పరిశోధకులు గమనించారు. సరైన పేరా దొరికిందా లేదా అన్నదాన్నే బహుమతిగా పెట్టి నమూనాలకు తిరగరాత నేర్పే ప్రయత్నాలు అలా వచ్చాయి.

రెండు అర్థాలూ సమానంగా నిలిచే చోట ఏం చేయాలి? తిరిగి అడగడం మర్యాదే: "రెండో పథకం గురించా, రెండో అమ్మాయి గురించా?" ప్రతి ప్రశ్నకూ ఇలా ఎదురడిగితే మాత్రం మనిషి విసిగి యాప్ మూసేస్తాడు. రెండు రూపాలతోనూ వెతికి, రెండు జవాబులూ పేర్లతో సహా చెప్పడం ఇంకో దారి. దీనికి వెతుకులాట రెట్టింపవుతుంది, అయినా తప్పు జవాబు కన్నా ఆ ఖర్చే చవక. ఏ దారి పట్టినా జవాబు "పీపీఎఫ్‌కి వయసు పరిమితి లేదు" అని పేరుతో మొదలవ్వాలి, "దానికి పరిమితి లేదు" అని కాదు. పేరు చెబితే తిరగరాత తప్పినా చదివేవాడు వెంటనే పట్టేస్తాడు. ఇంత తక్కువ ఖర్చులో దొరికే రక్షణ ఇంకోటి లేదు. అయినా చాలా యాప్‌లు దీన్ని పాటించవు.

కాబట్టి పాఠకులు తామే కొంత జాగ్రత్త పడాలి. బ్యాంకు యాప్‌లోనో, ఏదైనా సంస్థ చాట్ కిటికీలోనో డబ్బు, గడువు, అర్హత లాంటి విషయాలు అడుగుతున్నప్పుడు జవాబులో వస్తువు పేరు ఉందో లేదో చూడండి. లేకపోయినా, ఉన్న పేరు మీరు అనుకున్నది కాకపోయినా ఆ జవాబును పక్కన పెట్టి, "రెండోది" అన్న మాట తీసేసి, "పీపీఎఫ్ ఖాతా తెరవడానికి వయసు ఎంత ఉండాలి?" అని పేరుతో మళ్ళీ అడగండి. విషయం మారితే కొత్త చాట్ తెరవండి. ఫారం నింపేముందు ఆ జవాబును పోస్టాఫీసు కౌంటరులో ఒకసారి సరిచూసుకోండి.